గాలి అందుతోంది... ఇంకడం లేదు

ఆ టీచరుగారు మా ఓపీకి వచ్చేటప్పటికి చేతిలో మూడంగుళాల మందాన ఫైలు ఉంది. సూర్యాపేట దగ్గర ఒక ఊళ్లో ప్రభుత్వ బడిలో పాఠాలు చెబుతారు. వయసు 44. పద్నాలుగు నెలలుగా ఆయాసం. మొదట్లో మేడ మీది తరగతికి మెట్లెక్కి వెళ్లాక రెండు నిమిషాలు బల్లకు ఆనుకుని నిలబడేవారట. తర్వాత మెట్ల మధ్యలోనే ఆగాల్సి వచ్చింది. ఈమధ్య బోర్డు మీద రాస్తూ రాస్తూ మాట్లాడటం కూడా కష్టమైంది. దగ్గు లేదు, పిల్లికూతలు లేవు, జ్వరం లేదు, బరువు తగ్గలేదు.

ఫైలు తిరగేస్తే అన్నీ బాగానే ఉన్నాయి. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. ఈసీజీ మామూలే. పది నెలల కిందట తీసిన ఎకోలో గుండె బాగా కొట్టుకుంటోందని రాశారు. స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష, రెండుసార్లు చేశారు. ఆమె వయసుకీ ఎత్తుకీ ఉండాల్సినదానిలో 96 శాతం గాలి వస్తోంది. థైరాయిడ్ సరిగ్గానే ఉంది. రక్తం కాస్త తక్కువ, హిమోగ్లోబిన్ 9.8. చివరి చీటీలో ఆందోళన తగ్గించే మాత్ర ఉంది.

"అన్నీ నార్మల్ అంటున్నారు సార్. ఇంట్లోవాళ్లు కూడా నీదంతా మనసులోనే ఉందంటున్నారు. నాకూ అదే నిజమేమో అనిపిస్తోంది" అన్నారావిడ. ఆ మాట అనడానికి కూడా మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకున్నారు.

ఆ ఫైల్లో లేని కాగితం ఒకటుంది. దాని గురించే ఈ కథనం.

తూము దగ్గర కొలిస్తే చాలదు

పొలానికి నీళ్లు పెట్టినవాళ్లకు ఈ విషయం వేరే చెప్పక్కర్లేదు. కాలువ నిండుగా పారుతుంది, తూము బాగానే ఉంటుంది, అయినా మడిలో పైరు వాడిపోతుంది. నీరు రావడం ఒక సంగతి. నేలలోకి ఇంకి వేరుకు అందడం మరో సంగతి. స్పైరోమెట్రీ తూము దగ్గర కొలత. గాలి ఎంత వచ్చింది, ఎంత వేగంగా వెళ్లింది అన్నదే చెబుతుంది. ఆస్తమాలో, సీవోపీడీలో గొట్టాలు ఇరుకవుతాయి కాబట్టి ఆ కొలతలో తేడా బయటపడుతుంది. లోపలికి వెళ్లిన గాలిలోంచి ఆక్సిజన్ రక్తంలోకి ఎంత ఇంకుతోందో మాత్రం అది చెప్పలేదు.

ఆ ఇంకుడును కొలిచేదే ఊపిరితిత్తుల విసరణ సామర్థ్యం. రిపోర్టు మీద DLCO అని ఉంటుంది, కొన్ని చోట్ల TLCO అని రాస్తారు. ఇక్కడ డీఎల్‌సీవో అనుకుందాం.

ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు చీలుతూ చీలుతూ వెళ్లి చివరకు కోట్లాది చిన్న చిన్న గాలిగూళ్ల దగ్గర ఆగుతాయి. ఒక్కో గూడు చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాలు వల అల్లినట్టు ఉంటాయి. గాలికీ రక్తానికీ మధ్య ఉన్న గోడ మందం చాలాచోట్ల మిల్లీమీటరులో రెండువేలవ వంతు కూడా ఉండదు. ఎర్రరక్త కణం ఆ వల దాటి వెళ్లడానికి, మనం కూర్చుని ఉన్నప్పుడు, ముప్పావు సెకను పడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అందులో మూడో వంతు గడిచేసరికే కణం నిండా ఆక్సిజన్ ఎక్కిపోతుంది. మిగతా అరసెకను వెసులుబాటు.

ఆయాసం మొదట మెట్ల దగ్గరే ఎందుకు కనిపిస్తుందో ఈ అరసెకనే చెబుతుంది. మెట్లెక్కేటప్పుడు రక్తం పరుగెడుతుంది, కణానికి ఆ వలలో దొరికే సమయం తగ్గిపోతుంది. గోడ మందమైనా, వల చిక్కిపోయినా కూర్చున్నప్పుడు ఆ వెసులుబాటు లోటును కప్పిపుచ్చుతుంది. నడిచినప్పుడు కప్పలేదు. అందుకే డాక్టరు గదిలో కుర్చీలో కూర్చోబెట్టి వేలికి పెట్టిన ఆక్సీమీటరులో 97 చూసి బాగుందనుకోవడం తొందరపాటు. టీచరుగారిని వరండాలో ఆరు నిమిషాలు నడిపించాం. 97తో మొదలై 88కి వచ్చింది. మనసులో ఉన్న ఆయాసం ఆక్సీమీటరులో అంకెను తగ్గించదు.

కోపెన్‌హాగెన్‌లో ఒక డాక్టరమ్మ

ఈ పరీక్ష పుట్టుక వెనక ఒక తగాదా ఉంది. 1900ల తొలినాళ్లలో డెన్మార్క్‌లో క్రిస్టియన్ బోర్ అనే పెద్ద శాస్త్రవేత్త ఉండేవారు. అణువు నిర్మాణంతో పేరొందిన నీల్స్ బోర్‌కు తండ్రి. గ్రంథి లాలాజలాన్ని స్రవించినట్టు ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ను పట్టుకుని రక్తంలోకి తోస్తాయని ఆయన నమ్మకం. ఇంగ్లండులో జాన్ స్కాట్ హాల్డేన్‌దీ ఇంచుమించు అదే మాట. బోర్ దగ్గరే పనిచేసిన ఆగస్ట్ క్రోగ్, ఆయన భార్య మేరీ క్రోగ్ అది నిజం కాదన్నారు. తోయడమేమీ లేదు, ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి వాయువు తనంతట తానే వ్యాపిస్తుంది, అంతే అన్నది వాళ్ల వాదం. గురువును కాదనడం తేలిక కాదు. 1910లో వాళ్లు వరసగా చిన్న చిన్న పరిశోధన పత్రాలు వెలువరించారు.

కానీ వాదం గెలవాలంటే ఒక ప్రశ్నకు జవాబు కావాలి. మనిషికి అవసరమయ్యే ఆక్సిజన్ అంతా కేవలం వ్యాపనంతోనే అందుతుందా? దానికి గోడ ఎంత దాటనిస్తుందో కొలవాలి. మేరీ క్రోగ్ వైద్యం చేసే డాక్టరు కూడా. ఆమె ఎంచుకున్న వాయువు ఆశ్చర్యం కలిగిస్తుంది. చలికాలం మూసిన గదిలో బొగ్గు కుంపటి పెట్టుకుని పడుకుని చనిపోయారని వార్తల్లో చదువుతామే, ఆ కార్బన్ మోనాక్సైడే. అతి కొద్దిగా కలిపిన గాలిని పీల్పించి, ఊపిరి బిగబట్టించి, వదిలిన గాలిలో ఎంత మాయమైందో లెక్కగట్టారు. 1915లో వచ్చిన ఆమె పత్రమే ఇవాళ ప్రతి ఊపిరితిత్తుల ల్యాబులో చేసే పరీక్షకు మూలం. 1957లో అమెరికాలో ఒగిల్వీ, ఫోర్‌స్టర్ తదితరులు దాన్ని పద్ధతిగా స్థిరపరిచాక రోగుల దగ్గరికి వచ్చింది.

ఆక్సిజన్‌నే కొలవచ్చుగా అని అడిగేవాళ్లుంటారు. రక్తంలో ముందే ఆక్సిజన్ ఉంటుంది, కణం త్వరగా నిండిపోతుంది, నిండాక ఇక తీసుకోదు. అప్పుడు మన కొలత గోడ గురించి కాకుండా రక్తం ఎంత వేగంగా పారుతోందన్న దాని గురించి అయిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలా కాదు. హిమోగ్లోబిన్ దాన్ని ఆక్సిజన్ కన్నా రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గోడ దాటిన ప్రతి అణువునూ హిమోగ్లోబిన్ లాగేసుకుంటుంది కాబట్టి అవతలి వైపు ఎప్పుడూ ఖాళీగానే ఉన్నట్టు లెక్క. ప్రాణం తీసే ఆ గుణమే ఈ కొలతకు పనికొచ్చింది.

భయపడాల్సిన మోతాదు కాదిది. పీల్చే మిశ్రమంలో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం మాత్రమే, అదీ ఒక్క గుక్క. ఒక్కో ప్రయత్నానికి రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఒక శాతం కూడా దానికి చిక్కదు. అయినా ఒకే రోజు ఐదుసార్లకు మించి చేయరు.

పది సెకన్లు

టీచరుగారిని ల్యాబులో కూర్చోబెట్టారు. ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం. మొదట ఊపిరి మొత్తం వదిలేయమన్నారు, ఇంకా, ఇంకా, పొట్ట లోపలికి పోయేదాకా. వెంటనే ఒక్కసారిగా నిండా పీల్చమన్నారు. ఈసారి గొట్టంలోంచి వచ్చింది ఆ మిశ్రమం. అందులో ఆక్సిజన్ మామూలు గాలిలో ఉన్నంతే, 0.3 శాతం కార్బన్ మోనాక్సైడ్, పది శాతం హీలియం, మిగతాది నైట్రోజన్. పీల్చాక పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. తర్వాత సాఫీగా వదలాలి. వదిలినదాంట్లో మొదటి ముప్పావు లీటరో లీటరో పక్కనపెడతారు, ఎందుకంటే అది గొట్టాల్లో నిలిచిన గాలి, గూళ్ల దాకా వెళ్లలేదు. ఆ తర్వాత వచ్చేదాన్నే యంత్రం పరీక్షిస్తుంది. నాలుగు నిమిషాలు ఆగి మళ్లీ చేస్తారు.

హీలియం ఎందుకంటే, అది రక్తంలోకి దాదాపుగా పోదు. లోపలున్న గాలితో కలిసి పలచబడుతుంది, అంతే. గిన్నెడు పాలలో ఎన్ని నీళ్లు కలిశాయో చిక్కదనం చూసి చెప్పినట్టు, హీలియం ఎంత పలచబడిందో చూసి ఆ గుక్క లోపల ఎంత చోటికి చేరిందో చెప్పవచ్చు.

ఆవిడ 2.7 లీటర్లు పీల్చారు. హీలియం పది శాతం నుంచి సుమారు 6.75కి పలచబడింది. అంటే ఆ గుక్క నాలుగు లీటర్ల చోటులోకి పరుచుకుంది. ఆవిడ ఎత్తుకి అది సరైన పరిమాణమే. కార్బన్ మోనాక్సైడ్ కూడా అదే పాళ్లలో పలచబడి 0.3 నుంచి 0.20 అయి ఉండాలి. ఇది బిగబట్టడం మొదలుపెట్టిన క్షణం నాటి లెక్క. ఇక పది సెకన్లలో ఎంత ఇంకిందన్నదే ప్రశ్న. ఆవిడ ఈడు, ఆవిడ ఎత్తు ఉన్న ఆరోగ్యవంతురాలిలో అది 0.095 దగ్గరికి పడిపోతుంది, అంటే సగానికి పైగా రక్తంలోకి వెళ్లిపోతుంది. ఈవిడ వదిలిన గాలిలో ఇంకా 0.14 ఉంది. మూడో వంతు కూడా ఇంకలేదు.

దీన్ని యంత్రం ఒక అంకెగా మారుస్తుంది. నిమిషానికి, ఒక మిల్లీమీటరు పీడనానికి ఎన్ని మిల్లీలీటర్లు దాటుతాయన్న అంకె. ఆవిడకు 21 ఉండాలి. వచ్చింది 9.9. ఉండాల్సిన దాంట్లో 47 శాతం.

తూము దగ్గర 96, మడిలో 47. పద్నాలుగు నెలల ఫైల్లో తప్పిపోయిన సంగతి ఇదే.

రక్తం తక్కువైతే అంకె తగ్గుతుంది

ఇక్కడ ఆగి చూడాల్సిన చోటొకటి ఉంది. కార్బన్ మోనాక్సైడ్‌ను లాగేది హిమోగ్లోబిన్ అన్నాం కదా. హిమోగ్లోబిన్ తక్కువైతే లాగే చేతులే తక్కువ. ఊపిరితిత్తులు నిక్షేపంగా ఉన్నా అంకె పడిపోతుంది. మనకిది చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం అని తేలింది. హిమోగ్లోబిన్ చూడకుండా మన ఆడవాళ్ల డీఎల్‌సీవో చదివితే సగం మందిని తప్పుగా చదివినట్టే. ఆయాసం రక్తహీనత వల్లే అయివుంటే లేని ఊపిరితిత్తుల జబ్బును అంటగడతాం.

అందుకు ఒక సవరణ సూత్రం ఉంది. స్త్రీలకు ఇలా:

`DLCO × (9.38 + Hb) / (1.7 × Hb)`

పురుషులకు 9.38 బదులు 10.22. టీచరుగారి హిమోగ్లోబిన్ 9.8 కాబట్టి పైన 19.18, కింద 16.66, భాగిస్తే 1.15. దాంతో 9.9ను గుణిస్తే 11.4 వచ్చింది. అంటే ఉండాల్సినదాంట్లో 54 శాతం. రక్తహీనత ఏడు పాయింట్లు మాత్రమే తిన్నది. మిగతా 46 పాయింట్ల లోటుకు కారణం వేరే ఉంది.

పొగ తాగేవాళ్లలో ఇలాంటిదే మరో తిరకాసు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ముందే హిమోగ్లోబిన్‌ను ఆక్రమించి ఉంటుంది. పరీక్ష రోజు బీడీ, సిగరెట్ ముట్టకూడదనేది అందుకే.

మూడు దారులు

రక్తం సంగతి తేలాక మిగిలేవి ప్రధానంగా మూడు. ఇంకే నేల తగ్గిపోవడం, నేల గట్టిబడటం, కింద నీరు లాక్కునే వేరు చిక్కిపోవడం.

నేల తగ్గిపోవడానికి పెద్ద ఉదాహరణ ఎంఫిసీమా. పొగాకు వల్ల గాలిగూళ్ల మధ్య గోడలు కరిగిపోయి చిన్న చిన్న గదులు కలిసి పెద్ద హాళ్లవుతాయి. చోటు ఎక్కువే కనిపిస్తుంది, గోడల విస్తీర్ణం మాత్రం పోతుంది. కొందరిలో స్పైరోమెట్రీ బాగుండగానే డీఎల్‌సీవో పడిపోతుంది.

నేల గట్టిబడటం అంటే గూళ్ల గోడల్లో వాపు, ఆ తర్వాత మచ్చ కట్టడం. దీన్ని ఐఎల్‌డీ అంటారు. మన దేశంలోని 27 కేంద్రాల్లో 1,084 మంది ఐఎల్‌డీ రోగులను నమోదు చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు సగం మందికి ఉన్నది పీల్చే ధూళి పడకపోవడం వల్ల వచ్చే రకం. పావురాల రెట్టలు, బూజు, మరీ ముఖ్యంగా ఎయిర్ కూలర్లు ఆ చరిత్రలో కనిపించాయి. కూలరు గడ్డిలో నానిన బూజు మీదుగా వచ్చిన గాలిని వేసవంతా పీల్చడం తెలుగు ఇళ్లలో మామూలే కాబట్టి నేను ప్రతివారినీ కూలరు గురించి అడుగుతాను. టీచరుగారింట్లో కూలరుంది. కానీ సన్నటి పొరలుగా తీసే హెచ్‌ఆర్‌సీటీలో గోడలు శుభ్రంగా ఉన్నాయి. ఎంఫిసీమా కూడా లేదు.

ఈ రెండూ ఒకే మనిషిలో కలిసినప్పుడు స్పైరోమెట్రీ దారుణంగా మోసం చేస్తుంది. ఎంఫిసీమా ఊపిరితిత్తులను సాగదీస్తుంది, మచ్చ లోపలికి లాగుతుంది. ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఊదుడు పరీక్ష మామూలుగా వస్తుంది. డీఎల్‌సీవో మాత్రం రెండు వైపులా దెబ్బ తిని నేలకంటుతుంది. ఏళ్ల తరబడి బీడీలు తాగి, నాలుగడుగులకే ఆయాసపడుతూ, చేతిలో నార్మల్ స్పైరోమెట్రీ పట్టుకొచ్చే పెద్దవాళ్లను చూసినప్పుడు నాకు ముందు తోచేది ఇదే.

ఇక మూడోది, రక్తనాళాలు. గాలి బాగానే వస్తుంది, గోడ పలచగానే ఉంటుంది. కానీ గోడ వెనక రక్తం పారే వలే చిక్కిపోతుంది. గడ్డలు అడ్డుపడి కరగకుండా ఉండిపోవచ్చు, లేదా నాళాల గోడలే దళసరెక్కి దారి ఇరుకైపోవచ్చు. ఎక్స్‌రేలో తొలిదశలో ఏమీ కనిపించదు. స్పైరోమెట్రీ బాగుంటుంది. సీటీలో ఊపిరితిత్తి శుభ్రంగా ఉంటుంది. తగ్గేది డీఎల్‌సీవో ఒక్కటే. అందుకే ఆ ఒక్కటి తగ్గినప్పుడు నేను ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

చేతులు చూపించండమ్మా

"చన్నీళ్లలో చేతులు పెడితే వేళ్లు తెల్లబడతాయా టీచరుగారూ?" అని అడిగాను.

ఆవిడ ఆశ్చర్యంగా చూశారు. "అవును సార్. ఐదారేళ్లయింది. ఫ్రిజ్‌లోంచి పెరుగు గిన్నె తీస్తే చాలు, రెండు వేళ్లు సున్నం పూసినట్టవుతాయి. కాసేపటికి నీలంగా మారి, తర్వాత ఎర్రబడి మంట పుడతాయి. దీనికీ ఆయాసానికీ సంబంధం ఏంటని ఎవరికీ చెప్పలేదు."

వేళ్లు పట్టుకుని చూశాను. చూపుడువేలి చర్మం కాస్త బిగిసి ఉంది, మడత పడటం లేదు. గోరు మొదట్లో చిన్న చిన్న ఎర్ర నాళాలు వాచి ఉన్నాయి. ఉంగరం తీయడం కష్టమైందని ఏడాదిగా పెట్టుకోవడం లేదన్నారు. చలికి వేళ్లు తెల్లబడటాన్ని రేనాడ్స్ అంటారు. దానితోపాటు చర్మం బిగుసుకుంటే స్క్లెరోడెర్మాను అనుమానించాలి. శరీర రక్షణ వ్యవస్థ తన నాళాలనే దెబ్బతీసే జబ్బది. వేళ్లలో నాళాలకు ఏం జరుగుతుందో, కొందరిలో ఊపిరితిత్తుల నాళాలకూ అదే జరుగుతుంది.

ఈ జబ్బులో డాక్టర్లు చూసే నిష్పత్తి ఒకటుంది. స్పైరోమెట్రీ శాతాన్ని డీఎల్‌సీవో శాతంతో భాగించాలి. 1.6 దాటితే ఊపిరితిత్తుల రక్తపోటు ఉందేమోనని వెతకాలి. 96ను 54తో భాగిస్తే 1.78. వెతకాల్సిందే.

వెతికాం. రక్తపరీక్షలో స్క్లెరోడెర్మాకు సంబంధించిన యాంటీబాడీ బయటపడింది. ఎకో మళ్లీ చేయించాం. పాత ఎకో అబద్ధం చెప్పలేదు, అడిగినదానికే జవాబు చెప్పింది. గుండె ఎడమవైపు బాగుందా అంటే బాగుందనే చెప్పింది. కుడివైపు కవాటం నుంచి రక్తం వెనక్కి కారే వేగాన్ని బట్టి ఊపిరితిత్తుల పీడనం అంచనా వేస్తారు. అప్పుడు ఆ కారుడు కొలవడానికి చాలనంత చిన్నది. ఇప్పుడు సెకనుకు 3.2 మీటర్లు వచ్చింది. 2.8 దాటితే అనుమానం. గడ్డలున్నాయేమోనని స్కాన్ చేస్తే లేవని తేలింది. చివరకు తొడ సిర గుండా సన్నటి గొట్టం పంపి పీడనాన్ని నేరుగా కొలిచాం. ఊపిరితిత్తుల ధమనిలో సగటు పీడనం 34. 2022 నుంచి 20 దాటితేనే ఎక్కువని లెక్క. గుండె ఎడమవైపు పీడనం 10, అంటే అటు లోపం లేదు. జబ్బు నాళాలదే.

నిర్ధారణ చేసింది డీఎల్‌సీవో కాదన్నది గమనించాలి. అది జబ్బు పేరు చెప్పదు. ఆ అంకె చేసిందల్లా, మనసులోది కాదు, గాలి గొట్టాలది కాదు, ఇంకే చోట వెతకండి అని వేలు చూపించడమే. వేలు చూపించాక వెతుకులాట మూడు వారాల్లో ముగిసింది. అంతకుముందు పద్నాలుగు నెలలు ఏ గది తలుపు తట్టాలో తెలియక గడిచిపోయాయి. మెట్ల దగ్గర ఆయాసం తగ్గక, స్పైరోమెట్రీ, ఎక్స్‌రే, మామూలు ఎకో బాగున్నవాళ్లకు ఆందోళన మాత్ర రాసేముందు ఈ పరీక్ష చేయించాలని నేను గట్టిగా నమ్ముతాను. స్క్లెరోడెర్మా ఉన్నవాళ్లకైతే ఆయాసం లేకపోయినా ఏడాదికోసారి చేయించాలి.

పరీక్షే తప్పయితే

ఈ పరీక్షలో సగం పని రోగిదే, సగం టెక్నీషియన్‌ది. నిండా పీల్చకపోతే అంకె తగ్గుతుంది. అందుకే రిపోర్టులో, పీల్చిన గుక్క ఆ మనిషి పీల్చగలిగే గరిష్ఠంలో 90 శాతమైనా ఉందా అన్నది మొదట చూడాలి. రెండు ప్రయత్నాల మధ్య తేడా 2 యూనిట్లు దాటకూడదు. బిగబట్టేటప్పుడు గట్టిగా ముక్కితే ఛాతీలో ఒత్తిడి పెరిగి నాళాల్లోంచి రక్తం బయటికి నెట్టుకుపోతుంది, అప్పుడూ అంకె తగ్గుతుంది. పెదవుల పక్కనుంచి గాలి కారితే లెక్కంతా తారుమారు. ల్యాబుకు పరుగున మెట్లెక్కి వచ్చి వెంటనే ఊదితే ఊపిరితిత్తుల్లో రక్తం ఎక్కువై అంకె పెరుగుతుంది. ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్లు పది నిమిషాల ముందే తీసేయాలి, తీయడం ప్రమాదం కాని పక్షంలో.

ఒకసారి మరో చోటి రిపోర్టు పట్టుకుని ఒక పెద్దాయన వచ్చారు. డీఎల్‌సీవో 51 శాతం, బయాప్సీకి రాశారట. చూస్తే ఆయన పీల్చిన గుక్క పీల్చగలిగే దాంట్లో 62 శాతమే. కట్టుడుపళ్లు తీసేయించారు, గొట్టం చుట్టూ పెదవులు బిగియలేదు. పళ్లు పెట్టించి మళ్లీ చేస్తే 83 వచ్చింది.

"ఉండాల్సినది" అన్న అంకె మీద కూడా ఒక మాట చెప్పాలి. చాలా యంత్రాల్లో వాడే 2017 నాటి ప్రపంచ సమీకరణాలు యూరప్ మూలాలున్న జనం కొలతల నుంచి తీసినవి. మనవాళ్ల ఊపిరితిత్తుల పరిమాణం సగటున తక్కువ. అందుకే 75, 78 శాతం చూసి బెంబేలెత్తక్కర్లేదు. 40కీ 60కీ మధ్య ఉంటే మధ్యస్థం, 40కి దిగువైతే తీవ్రం అంటారు. ఆ స్థాయిలో జనాభా తేడాతో సరిపెట్టుకోవడం కుదరదు.

రిపోర్టులో KCO అని మరో అంకె ఉంటుంది, గాలి చేరిన చోటులో ఒక్కో లీటరుకు ఎంత ఇంకిందన్నది. టీచరుగారికి చోటు పూర్తిగా ఉండి, లీటరుకు ఇంకేది సగమే ఉంది. అందుకే నాళాల మీదికి అనుమానం పోయింది. అయితే మచ్చ కట్టే జబ్బుల్లో చోటు కూడా కుంచించుకుపోతుంది కాబట్టి ఈ అంకె మామూలుగా కనిపించవచ్చు. దీన్నొక్కదాన్నే చూసి ఊరట పొందకూడదు.

డీఎల్‌సీవో బాగుంటే జబ్బు లేనట్టేనా అంటే, కాదు. ఆస్తమాలో అది మామూలుగానో, కాస్త ఎక్కువగానో ఉంటుంది. స్థూలకాయంలోనూ అంతే. కండరాల బలహీనత, గుండె బిగుసుకుపోయే కొన్ని జబ్బులు దీనికి చిక్కకపోవచ్చు. కరగని గడ్డలున్న కొందరిలోనూ బాగానే రావచ్చు. అక్కడ సైకిలు తొక్కిస్తూ ఊపిరిని, గుండెను కలిపి కొలిచే పరీక్ష అక్కరకొస్తుంది.

ఎనిమిది నెలల తర్వాత

టీచరుగారికి ఊపిరితిత్తుల నాళాలను వదులు చేసే రెండు మందులు మొదలుపెట్టాం. ఐరన్ ఇచ్చాం. ఎనిమిది నెలలకు ఆరు నిమిషాల నడక 310 మీటర్ల నుంచి 395కి పెరిగింది. మేడ మీది తరగతిని హెడ్‌మాస్టరుగారు కిందికి మార్చారు. అయినా రోజుకొకసారి కావాలనే మెట్లెక్కి దిగుతున్నానన్నారు.

ఆ రోజు మళ్లీ చేసిన డీఎల్‌సీవో 11.2 వచ్చింది. "9.9 నుంచి 11.2 సార్, పెరిగింది కదా" అంటూ రిపోర్టు ముందుకు జరిపారు. లెక్కల టీచరు. ఆవిడకు సగం చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టంలేకపోయింది. హిమోగ్లోబిన్ కూడా 9.8 నుంచి 12.4కి పెరిగిందని చూపించాను. కాగితం మీద ఆవిడే సూత్రం రాసుకున్నారు. పైన 21.78, కింద 21.08, భాగిస్తే 1.03. సవరించాక 11.6. అప్పుడు 11.4.

"అయితే ఊపిరితిత్తి మారలేదన్నమాట" అన్నారు.

"మారలేదు. ఈ మందులతో గుండె కుడివైపు భారం తగ్గుతుంది, నడక పెరుగుతుంది. పోయిన వల తిరిగి అల్లుకోదు, కాబట్టి ఈ అంకె పెద్దగా పెరగదు. 11.6 దగ్గరే నిలబడితే మనకు మంచిది. 9కి దిగితే వెంటనే మళ్లీ పీడనం కొలవాలి" అన్నాను.

ఆవిడ కాసేపు ఆ కాగితాన్ని చూశారు. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఫైల్లో కాకుండా, కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నారు. వచ్చే పరీక్షకు నవంబరులో రావాలి. ముందురోజు హిమోగ్లోబిన్ చేయించుకుని రమ్మని చెప్పబోతుంటే, అప్పటికే చీటీ వెనకాల రాసుకుంటున్నారు.